నాలుగో తరగతి పిల్ల, ఐదో తరగతి లెక్క

జోగులాంబ గద్వాల జిల్లాలో ఇద్దరు టీచర్లున్న ఒక ప్రాథమిక బడి. ఒకరు ఒకటి, రెండు తరగతులు చూస్తారు. రెండో ఆమె మూడు, నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెబుతుంది. నాలుగో తరగతిలో ఒక అమ్మాయి లెక్కల్లో తోటివాళ్లకంటే చాలా ముందుంది. తండ్రి మగ్గం నేస్తాడు. "మా పాప నాలుగులో నేర్చుకునేదేం లేదంటున్నరు, ఐదులో వెయ్యండి మేడం" అని అడిగాడు. మేడం అందుకు ఒప్పుకోలేదు, అలాగని ఊరుకోనూ లేదు. తాను చేస్తున్నదేమిటో ఒకప్పుడు తనకు లెక్కలు చెప్పిన సారుకు వివరించింది. ఆయన జడ్పీ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడిగా రిటైరై వనపర్తిలో ఉంటారు. ఆయనకు అది నచ్చలేదు. వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది. నేను మేడం వైపే మొగ్గుతానని ముందే చెప్పేస్తున్నాను. కానీ సారు అడిగినవి పక్కకు తోసేసే ప్రశ్నలు కావు, అందుకే ఆయన మాటలు ఎక్కడా కుదించలేదు.

సారు: ముందు ఒక మాట చెప్పు బిడ్డా. నీ గదిలో మూడు తరగతులు కలిపి ఎంతమంది?

మేడం: ముప్ఫై ఎనిమిది మంది సార్. నాలుగులో పద్నాలుగు మంది.

సారు: అందులో పేరా తడబడకుండా చదవలేనోళ్లు, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రానోళ్లు తక్కువేం ఉండరు. నేను గద్వాల దిక్కు పనిచేసిన, నాకు తెలుసు. ఆగస్టు వచ్చిందంటే సీడు పత్తిలో క్రాసింగ్ మొదలైతది. మధ్యాహ్నం మొగ్గ విప్పి పుప్పొడి తీసెయ్యాలె, తెల్లారి మగపువ్వు తెచ్చి రాయాలె. చిన్న వేళ్లకు ఆ పని బాగా వస్తదని పిల్లల్ని తోలుకపోతరు. దసరా దాటేదాకా వెనక వరసలు ఖాళీ. తిరిగొచ్చిన పిల్లగాడు ఆగస్టులో ఆగిన కాడ్నే ఉంటడు. నీ చేతిలో ఉన్నదే కొంచెం టైము. దాన్ని వానికియ్యాలె గాని, చెప్పకున్నా నేర్చుకునే పిల్లకెందుకు?

మేడం: ఆమెకు నా టైము ఇస్తలేను సార్. ఆమె దగ్గర వృథా అయ్యే టైమును ఆమెకే తిరిగి ఇస్తున్న. జూన్‌లో, జులైలో నేను ఆ పిల్లను కూర్చొని గమనించిన. బోర్డు మీద లెక్కలు రాసి నేను వెనక్కి తిరిగేసరికి ఆమెకు అయిపోతది. కానీ చెయ్యి ఎత్తదు. రాసిన అంకె మీదనే మళ్లీ పెన్సిల్‌తో దిద్దుతది. స్కేలు పెట్టి గీతలు కొడతది. పక్కపిల్ల చివరి లెక్కకు వచ్చేదాకా ఆగి, అప్పుడు నోట్‌బుక్ పట్టుకొని లేస్తది. ఎందుకమ్మా అట్ల అంటే, "తొందరగా అయితే ఇంకో పేజీ ఇస్తరు మేడం" అన్నది. మూడేండ్ల బడిలో ఆమె నేర్చుకున్నది నెమ్మదిగా చెయ్యడం. అది మనం నేర్పిందే.

సారు: అట్లాంటి పిల్లల కోసం వేరే బడులున్నయి గదా. పీవీ గారు ముఖ్యమంత్రి అయినంక 1971లో సర్వేల్‌లో గురుకులం పెట్టించింది అందుకే. తర్వాత ఆయన కేంద్రంలో ఉన్నప్పుడు, 1986 విద్యావిధానంతో నవోదయలు వచ్చింది అందుకే. మన ఉమ్మడి పాలమూరుకు నాగర్‌కర్నూల్ దిక్కు వట్టెంలో నవోదయ ఉండనే ఉన్నది. ఐదో తరగతిలో పరీక్ష రాయించు, పంపించు. మామూలు తరగతి మామూలు పిల్లలది. ఎవరి బడి వాళ్లకున్నప్పుడు ఒకే గదిలో రెండు పనులు పెట్టుకునుడు దేనికి?

మేడం: వట్టెంలో ఏడాదికి 80 సీట్లు సార్. ఉమ్మడి జిల్లా పిల్లలంతా ఏండ్ల తరబడి ఆ 80 కోసమే రాసిన్రు. సీటు రాని పిల్ల ఎక్కడికి పోతది? ఊరి హైస్కూలుకే. సీటు వచ్చిన పిల్ల అయినా ఆరో తరగతికి పోతది. మూడు, నాలుగు, ఐదు నా గదిలోనే చదవాలె. నవోదయ ఉన్నదని ఆ మూడేండ్లు ఆమెను అంకెల మీద దిద్దుకుంట కూర్చోమందామా?

సారు: సరే. అయితే తండ్రి అడిగినట్టు ఐదులో ఎందుకు వెయ్యలేదు? అక్కడ నువ్వే వెనక్కి తగ్గితివి.

మేడం: అక్కడ మీ మాటే నా మాట సార్. కారణం మాత్రం వేరే. ఆ పిల్ల పుట్టింది 2016 సెప్టెంబర్‌లో. ఈ ఏడాది ఐదులో వేస్తే ఈ ఏడాదే నవోదయ పరీక్ష రాయాలె. 2026-27 ప్రవేశాలకు 2014 మే 1 నుంచి 2016 జులై 31 మధ్య పుట్టినోళ్లే అర్హులు. రెండు నెలల తేడాతో ఆమె బయట పడతది. వచ్చే ఏడాది మళ్లీ ఐదులో కూర్చోబెట్టి రాయిద్దామంటే, ఐదు రెండోసారి చదివేటోళ్లను రానియ్యరు. ఇంకోటి, గ్రామీణ కోటాలో సీటు కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒక్కోటి పూర్తి విద్యాసంవత్సరం చదివుండాలె. నాలుగు మధ్యలో ఎగరగొడితే ఆ లెక్క కూడా తప్పుతది. తండ్రికి ఈ తేదీలు కాగితం మీద రాసి చూపించిన. "ముందుకు తోస్తే వెనక్కి పడుతున్నది గదా" అన్నడు. తరగతి దాటించడం వద్దన్న. లెక్క దాటిస్తనన్న.

సారు: లెక్క దాటిస్తవా? రెండిటికీ తేడా ఏంది?

మేడం: రిజిస్టర్లో ఆమె పేరు నాలుగులోనే ఉంటది. తెలుగు, ఇంగ్లిష్, పరిసరాల విజ్ఞానం నాలుగుతోనే. ఆటలూ అన్నమూ నాలుగో తరగతి పిల్లలతోనే. లెక్కల పీరియడ్‌కు మాత్రం లేచి ఐదో తరగతి వరసలో కూర్చుంటది. మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నయి కాబట్టి, దానికి నాలుగడుగులు నడిస్తే చాలు.

ఇక్కడ నా మాట ఒకటి. తరగతికో టీచరు, తరగతికో గది ఉన్న పట్నం బడిలో ఇదే పని చేయాలంటే టైంటేబుల్ మార్చాలి, ఇద్దరు టీచర్లు ఒప్పుకోవాలి. తక్కువ టీచర్లున్న బడి అని మనం జాలిపడే చోటే ఈ ఒక్క పని సులువుగా అవుతుంది. మూడు తరగతులు కలిసి కూర్చోవడం వల్ల జరిగే నష్టాల గురించి ఎన్నో విన్నాం. ఈ లాభం గురించి ఎవరూ అనగా నేను వినలేదు.

సారు: ఆమెకు వచ్చని నీకెట్ల తెలుసు? వేగంగా చేసుడు వేరే, తెలిసి చేసుడు వేరే. ట్యూషన్‌కు పోయే పిల్లలు నీకంటే ముందే పాఠం చదువుకొని వస్తరు.

మేడం: అందుకే పాఠం మొదలుపెట్టకముందే పరీక్ష పెడుతున్న సార్. గుణకారం పాఠం అనుకోండి. పాఠం చివర ఉండే అభ్యాసంలో అన్నిటికంటే కష్టమైన అయిదు లెక్కలు ఏరి, మొదటి రోజే బోర్డు మీద రాస్త. అందరూ చెయ్యొచ్చు. రాకపోతే తప్పు లేదు, రేపటి నుంచి నేర్చుకుందామని ముందే చెప్త. అయిదులో నాలుగు దారి చూపించి సరిగా చేసినోళ్లకు ఆ పాఠంలో అభ్యాసం అక్కర్లేదు. పద్నాలుగు మందిలో ఇద్దరికి వచ్చినయి. ఈ పిల్లకు నాలుగు. ట్యూషన్‌కు పోయే ఒక బాబుకు అయిదుకు అయిదు.

సారు: చూసినవా మరి?

మేడం: ఆగండి సార్. ఇద్దరినీ పక్కకు పిలిచి ఒకటే అడిగిన. 25ను 16తో గుణించాలె, కానీ పక్కపక్కన రాసి గుణించొద్దు, ఇంకో దారి చూడమన్న. బాబు పెన్సిల్ పట్టుకొని గాల్లోనే గుణకారం మొదలుపెట్టిండు. వానికి ఉన్నది ఒకటే దారి. పిల్ల కొంచెంసేపు చూసి, "పదహారంటే నాలుగు నాలుగులు. ఇరవై అయిదు నాలుగు సార్లు తీసుకుంటే నూరు. అట్లాంటి నూర్లు నాలుగు" అన్నది. ఇద్దరికీ మార్కులు దగ్గర దగ్గరనే ఉన్నయి. వాళ్లకు కావల్సింది మాత్రం ఒకటి కాదు. బాబుకు అభ్యాసం తగ్గించి, గుణకారం లోపల ఏం జరుగుతదో గళ్ల కాగితం మీద చూపిస్తున్న. వాణ్ణి ఐదుకు పంపలేదు.

సారు: ఇది బాగనే ఉన్నది. కానీ అభ్యాసం మానేస్తే చేతికి పట్టు ఉంటదా? లెక్క అంటే చెయ్యంగ చెయ్యంగ వచ్చేది. నువ్వు వదిలేసిన నలభై లెక్కల్లోనే ఎక్కడో ఒక గుంట ఉంటది. అది తొమ్మిదో తరగతిలో బీజగణితం కాడ బయటపడతది. ఎంతమందిని చూసిన నేను!

మేడం: గుంట ఉంటదన్నది నిజమే. అందుకే ఐదుకు పంపే ముందు నాలుగో తరగతి మొత్తానికి ఒక పేపర్ ఇచ్చిన, నిరుడు ఏడాది చివర ఇచ్చిందే. ఒక్క కాడ తప్పింది. 618ని 6తో భాగించమంటే 13 అని రాసింది. ఆరులో ఆరు ఒకసారి, పద్దెనిమిదిలో మూడు సార్లు. మధ్యలో ఒకటిలో ఆరు పోదు కాబట్టి అక్కడ సున్న పెట్టాలె. ఆ సున్న ఎగిరిపోయింది. 103 రావాలె. గుణకారంలో అంత తెలివి చూపిన పిల్ల, భాగహారంలో స్థానవిలువ మరిచింది. మూడు రోజులు పుల్లల కట్టలతో అదే చేయించిన. ఆరు నూర్ల కట్టలు, ఒక పది కట్ట, ఎనిమిది పుల్లలు పెట్టి ఆరుగురికి పంచమన్న. పది కట్ట విప్పితే గాని పంచలేమని ఆమెకే తెలిసింది. తర్వాతే వరస మార్చిన. నలభై లెక్కలూ చేయించి ఉంటే ఆ తప్పు కనిపించకుండా పోయేది సార్. అందులో మధ్యన సున్న వచ్చే లెక్కలు రెండో మూడో ఉంటయి. తప్పు కొట్టి ముందుకు పోతం.

సారు: ఒక్క పిల్లను చూసి పద్ధతి అనలేం.

మేడం: ఒక్క పిల్లే కాదు. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో శాలీ రైస్, ఆమెతో పనిచేసినోళ్లు 1990ల మొదట్లో ఇదే పరీక్షించిన్రు. ముందే వచ్చిన పిల్లలకు పాఠ్యాంశంలో దాదాపు సగం తీసేసినా, ఏడాది చివరి పరీక్షల్లో వాళ్లు ఏం తగ్గలేదు.

సారు: అక్కడి తరగతులు వేరే, టీచరుకు ఉండే తీరిక వేరే. ఆ మాట నాకు చెప్పకు.

మేడం: చెప్పను. అందుకే నా గదిలో నేను చూసుకుంటున్న. రెండు వారాలకోసారి, వదిలేసిన పాఠాల నుంచి పది లెక్కలు కలగలిపి ఇస్త. ఎనిమిదికి తగ్గితే ఆ పాఠం అభ్యాసానికి మళ్లీ తన వరసలోకి వస్తది. ఇప్పటిదాకా ఒక్కసారి వచ్చింది, కాలం లెక్కల్లో. గంటలు నిమిషాలు కలిపేటప్పుడు అరవైకి బదులు నూరుకు దాటించింది.

సారు: పక్క పిల్లలు ఏమంటున్నరు? తొమ్మిదేండ్ల పిల్లను పెద్దోళ్లల్ల కూర్చోబెడితే ఇటు నాలుగుకు కాదు, అటు ఐదుకు కాదు.

మేడం: మొదటి వారం కష్టమైంది. ఐదో తరగతి వరసలో కూర్చొని, దేహం బోర్డు దిక్కు, మొఖం నాలుగో తరగతి దిక్కు పెట్టేది. దోస్తు కనపడాలె. ఆ దోస్తు మధ్యాహ్నం అన్నం కాడ ఆమెతో మాట్లాడలేదు. ఇద్దరినీ వదిలేసి ఊరుకుంటే సర్దుకుంటరని అనుకోలేదు నేను. గ్రంథాలయం పీరియడ్‌లో పుస్తకాల రిజిస్టరు రాసే పని ఇద్దరికీ కలిపి ఇచ్చిన. "నువ్వు గొప్పదానివి" అన్న మాట గదిలో ఎవరూ అనకుండ చూసుకున్న. ఆమె ఐదులో కూర్చునేది ఆ లెక్క ఆమెకు ఇప్పుడు పనికొస్తది కాబట్టి, అంతే. ఐదో తరగతిలో ఒక పిల్ల మూడో తరగతి వరసలోకొచ్చి తీసివేతలు చేస్తది. అదీ అంతే. తొలిమెట్టులో మనం చేస్తున్నది ఇదే గదా సార్. 2022 నుంచి పిల్లల స్థాయి చూసి గుంపులు కట్టమన్నరు. కింది స్థాయి పిల్లకు తరగతి అడ్డం కాదన్నప్పుడు, పైస్థాయి పిల్లకు మాత్రం ఎందుకు అడ్డం కావాలె?

సారు: ఆ మాట ఒప్పుకుంట. తొలిమెట్టు మాట నాకు తట్టలేదు. కానీ నేను నీ స్థానంలో ఉంటే ఇంకో పని చేద్దును. ఆ పిల్లతోనే మిగతా పిల్లలకు చెప్పిద్దును. చెప్పేటోళ్లకు రెండింతలు వస్తది. వెనకబడినోనికీ సాయం, ఆమెకూ చదువు. కల్వకుర్తిలో వందేమాతరం ఫౌండేషన్ వాళ్ల అక్షరవనం ఉన్నది గదా, పిల్లలు పిల్లలకు చెప్పుకునుడు మీదనే నడుస్తది.

మేడం: వారంలో ఒక రోజు చెప్పిస్త సార్, శనివారం. ఆమెకు నిజంగనే మంచిది. "ఎందుకట్ల?" అని అడిగితే జవాబు చెప్పాల్సి వస్తది, ఊరికే చేసి పెడితే నడవదు. కానీ రోజూ అంటే నేను ఒప్పుకోను. పిల్లలు పిల్లలకు చెప్పుకునే చోట ఆ చెప్పే పిల్ల కూడా ఇంకొకరి దగ్గర కొత్తది నేర్చుకుంటది. మన బడుల్లో అట్ల జరగదు. తెలివైన పిల్లను లీడర్ చేస్తం, నోట్‌బుక్కులు దిద్దిస్తం, అల్లరి చేసేటోళ్ల పేర్లు బోర్డు మీద రాయిస్తం. ఆమె నాకు అక్కరకొస్తది, నేను ఆమెకు అక్కరకు రాను. తండ్రి పంపింది చదువుకొమ్మని గదా.

సారు: అయితే ఆమె కోసం నువ్వు రోజూ వేరే పాఠం తయారు చేసుకోవాలె. ముప్ఫై ఎనిమిది మందితో అదెట్ల అయితది?

మేడం: రోజూ కాదు. నెలకొకటి. అది కూడా ఆమె ఒక్కదానికే తయారు చెయ్యను, గది అంతటికీ చేస్త. మొదటి మెట్టు అందరికీ అందాలె, చివరి మెట్టు ఎవరికీ సులువుగా అందొద్దు. గద్వాల చీర అంచు మీద కోటకొమ్మ తెలుసు గదా మీకు. మెట్లు మెట్లుగా పైకి సన్నబడే గోపురం. పిల్లల ఇండ్లల్ల అందరికీ తెలిసిందే. గళ్ల కాగితాలు ఇచ్చి, పైన ఒక గడి, దాని కింద మూడు, దాని కింద అయిదు, ఇంకా కింద ఏడు, అట్ల రంగు వెయ్యమన్న. నాలుగు వరసల కోటకొమ్మకు మొత్తం ఎన్ని గళ్లు? అందరూ లెక్కపెట్టిన్రు. పదహారు. మూడో తరగతి పిల్లలూ చేసిన్రు.

సారు: ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు.

మేడం: అదే. ఐదు వరసలైతే చెప్పండంటే ఇరవై అయిదని చాలామంది గీసి చెప్పిన్రు. మా పిల్ల గియ్యకుండనే చెప్పింది, పది వరసలకు నూరని కూడా చెప్పింది. అప్పుడు అడిగిన, ఎందుకు? గోపురంలాగా ఉన్నదానికి చతురస్రం లెక్క ఎందుకొస్తున్నది? ఆమె ఆగిపోయింది. అట్ల ఆగిపోవడం ఈ గదిలో ఆమెకు మొదటిసారి సార్. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తనకు రాని ప్రశ్న ఒకటి ఉంటదని ఆమెకు తెలియదు. ఆ సాయంత్రం నేను చాలాసేపు దాని గురించే ఆలోచించిన. తరగతి చివరిదాకా అన్నీ వచ్చేస్తుంటే, రాకపోతే ఏం చెయ్యాలనేది నేర్చుకునే చాన్సే రాదు పిల్లకు.

సారు: మరి ఎవరు చెప్పిన్రు?

మేడం: క్రాసింగ్‌కు పోయి దసరా తర్వాత వచ్చిన బాబు.

సారు: నాలుగో తరగతోడా?

మేడం: అవును సార్. ఎక్కాలు పూర్తిగా రావు. ఫార్మేటివ్ మార్కులు చూస్తే చివరి ముగ్గురిలో ఉంటడు. కత్తెర అడిగిండు. నాలుగు వరసల కోటకొమ్మను నిలువుగా చూస్తే నడిమి నిలువు వరసలో నాలుగు గళ్లు, దానికి అటు ఇటు మూడేసి, రెండేసి, ఒక్కోటి ఉంటయి. నడిమి వరసకు ఎడమ దిక్కున్న మూడు నిలువు వరసల్నీ ఒకే ముక్కగా కత్తిరించిండు. అందులో ఆరు గళ్లు. ఆ ముక్కను కింది అంచు పైకి వచ్చేటట్టు బోర్లించి కుడి దిక్కు మెట్ల మీద పెట్టిండు. మూడు మీద ఒకటి, రెండు మీద రెండు, ఒకటి మీద మూడు. మెట్టుకు మెట్టు అతికింది. నాలుగు నాలుగుల చతురస్రం. ఒక్క మాట మాట్లాడలేదు, కాగితం నా టేబుల్ మీద పెట్టి పోయిండు.

సారు: (కొంతసేపు మాట్లాడలేదు.) ఆ పిల్లగాని తండ్రికి చెప్పినవా?

మేడం: చెప్పిన. మీరు మొదట్లో అడిగిన్రు గదా, టైము వెనక వరసకు ఇయ్యాలా, ముందు వరసకు ఇయ్యాలా అని. వాడు ఏ వరస సార్? మార్కులు చూసి ఏరితే వాడు ఎప్పటికీ దొరకడు. పాఠానికి ముందు పెట్టే అయిదు లెక్కల పరీక్షలో కూడా దొరకలేదు, అందులో గుణకారం రావాలె గదా. ఎక్కాలు అక్కర్లేని పని ముందర పెడితేనే బయటపడ్డడు. ఇప్పుడు వానికి రెండూ నడుస్తున్నయి. పొద్దున తొలిమెట్టులో ఎక్కాలు, భాగహారం. వారానికి ఒకసారి ఆకారాల మీద గట్టి ప్రశ్న. ఎక్కాలు వచ్చినంకనే రెండోది ఇస్తమంటే, వాడు వచ్చే ఆగస్టుకు మళ్లీ చేన్లకు పోతడు.

పిల్లలను వరుసలో నిలబెట్టి పైన ఉన్నవాళ్లను ఏరడమే ప్రతిభను గుర్తించడం అనుకుంటాం. నవోదయ పరీక్ష కూడా ఒక ఏరివేతే. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, అందులో సగం మేధాశక్తివి, 20 అంకగణితం, 20 భాష. ఆ 80 ప్రశ్నల గైడ్లు తెచ్చి నాలుగో తరగతి నుంచే రుద్దడాన్ని చాలా ఊళ్లలో అదనపు చదువు అంటున్నారు. ఆ గైడు వల్ల సీటు రావచ్చు. కత్తెర అడిగిన పిల్లవాడికి మాత్రం ఆ గైడులో పేజీ లేదు.

సారు: సరే బిడ్డా. నీ గదిలో జరిగేది నాకు అర్థమైంది. ఇప్పుడు నా అసలు ప్రశ్న. ఆ పిల్ల ఈ ఏడాది ఐదో తరగతి లెక్క అవగొడతది. వచ్చే ఏడాది ఐదులో ఏం చేస్తది? ఆరో తరగతి పుస్తకం ఇస్తవా?

మేడం: మొదట అట్లనే అనుకున్న.

సారు: ఇయ్యకు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పినోణ్ణి, తర్వాత టైంటేబుల్ వేసినోణ్ణి. ఆరులో మా దగ్గరికొచ్చే పిల్ల వెంట వచ్చేది ఒక్క రికార్డు షీటు. పేరు, పుట్టిన తేదీ, తరగతి. ఈమె లెక్కల్లో ఎక్కడున్నదో అందులో గడి లేదు. ఆరో తరగతి టీచరు అందరితోపాటే మొదటి పాఠం మొదలుపెడతడు. ఆమె ఆ పుస్తకం ఐదులోనే చదివేసి ఉంటే, మళ్లీ అంకెల మీద దిద్దుకుంట కూర్చుంటది. పదకొండేండ్ల పిల్ల అట్ల కూర్చుంటే తొమ్మిదేండ్ల పిల్ల లెక్క ఊరుకోదు, చదువు మీదనే మనసు తీసేస్తది.

మేడం: ఏడో తరగతి గదికి పంపొచ్చు గదా సార్, లెక్కల పీరియడ్‌కు?

సారు: ఎట్ల పంపుతవు? హైస్కూల్లో లెక్కల టీచరు ఒక్కడే ఉంటే ఆరుకు, ఏడుకు ఒకే పీరియడ్‌లో లెక్కలు ఎట్ల పెడతవు? ఆయన ఏడులో ఉన్నప్పుడు ఆరులో సోషల్ నడుస్తుంటది. ఈమె సోషల్ వదిలి లెక్కలకు పోతదా? అదొక్కరోజు కాదు, ఏడాదంతా. నీ గదిలో నాలుగడుగుల పని, అక్కడ టైంటేబుల్ మొత్తం తిప్పేసే పని.

మేడం: ఆస్ట్రేలియాలో టెరెన్స్ టావ్‌ను ఎనిమిదేండ్లప్పుడు అట్లనే చేసిన్రు. గణితానికి హైస్కూలుకు పోయేవాడు, మిగతావి ప్రాథమిక బడిలో చదివేవాడు. తర్వాత 2006లో ఫీల్డ్స్ మెడల్ వచ్చింది.

సారు: ఆయన తండ్రి పిల్లల డాక్టర్, తల్లి లెక్కలు చదివిన మనిషి. రెండు బడుల మధ్య తిప్పగలిగిన ఇల్లు. ఈ పిల్ల తండ్రి మగ్గం దిగి వస్తే ఆ రోజు కూలి పోతది. ఆ కథ నీకు ధైర్యం ఇయ్యొచ్చు గాని, దారి చూపియ్యదు.

మేడం: అది నిజమే సార్. అయితే మీరే చెప్పండి, ఐదులో ఏం చెయ్యమంటరు?

సారు: ముందుకు పోనియ్యకు, లోతుకు పోనీ. ఐదో తరగతి భిన్నాల్లోనే ఏడాదికి సరిపడా ఉన్నది. ఒకటిని రెండు భిన్నాల మొత్తంగా, మూడు భిన్నాల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయొచ్చు, పై అంకె ఎప్పుడూ ఒకటే ఉండాలె. సగం, మూడో వంతు, ఆరో వంతు కలిపితే ఒకటి. అట్లాంటివి ఇంకెన్ని? ఇంక లేవని ఎట్ల చెప్పగలవు? ఆ రెండో ప్రశ్న మీద నెల గడుస్తది. ఆరో తరగతికొచ్చినా ఆ చదువు వృథా కాదు, ఎవరూ అదే పాఠం మళ్లీ చెప్పరు.

మేడం: (రాసుకుంటూ) అంటే మీరు వేగం వద్దంటున్నరు, చదువు వద్దనట్లేదు.

సారు: వేగం నీ గదిలో ఈ ఒక్క ఏడాదికి సరే. వచ్చే ఏడాది ఎక్కడికి పోతదో తెలియకుండ వేగం ఇచ్చుడు నాకు ఇష్టం లేదు. దాని మీద నా మాట మారదు.

మేడం: నేను రికార్డు షీటు వెంట ఒక కాగితం పెడుదామనుకుంటున్న. ఏయే పాఠాలు అయినయి, ఎట్ల చూసిన, భాగహారంలో సున్న కాడ ఒకసారి తప్పింది, కాలం లెక్కల్లో తప్పింది. కాంప్లెక్స్ మీటింగ్‌లో హైస్కూల్ లెక్కల సార్‌కు చేతికిస్త.

సారు: ఇయ్యి. చదువుతడో లేదో ఆయన మీద ఉంటది. చదివినా, ఆయన చేతిలో నలభై అయిదు నిమిషాలు, నలభై మంది పిల్లలు. పాఠానికి ముందు అయిదు లెక్కలు పెట్టుడు మాత్రం ఆయనా చెయ్యగలడు. అది ఒక్కటి అడుగు. ఎక్కువ అడగకు. ఇంకోటి, ఆ బాబుకు కూడా ఒక కాగితం రాయి. ఆ పిల్ల సంగతి మార్కులైనా చెప్తయి. వాని సంగతి నువ్వు రాయకపోతే ఎవరికీ తెలియదు.

మేడం: రాస్త సార్. కత్తిరించిన కాగితం కూడా దానికి పిన్ను పెట్టి ఇస్త.

సారు: పిల్ల తండ్రికి హైస్కూల్ సంగతి ఇప్పుడే చెప్పు. ఐదో తరగతి అయినంక చెప్తే మోసపోయిన అనుకుంటడు.

మేడం: చెప్పిన సార్. నవోదయ రాకపోతే ఎట్ల అని, ఇద్దరు లెక్కల టీచర్లున్న హైస్కూల్ దగ్గర్లో ఏదని ఇప్పటి నుంచే అడుగుతున్నడు.